తాళం ఒకటి, చెవులు అనేకం: ముక్కు గురించి సెమినార్‌లో ఇరుక్కున్న అమ్మాయికి

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నానండీ. సైన్స్ సెమినార్‌లో ‘ముక్కు వాసనల్ని ఎలా పసిగడుతుంది’ అనే అంశం నాకు వచ్చింది. వాసన అణువు తాళంచెవి లాంటిది, ముక్కులోని గ్రాహకం తాళం లాంటిది, రెండూ సరిపోతే వాసన తెలుస్తుంది, మనుషులకు అలాంటి గ్రాహకాలు సుమారు 400 రకాలున్నాయి అని చెప్పాను. వెనక బెంచీ అబ్బాయి లేచి ‘అయితే 400 వాసనలే తెలియాలి కదా, వేల వాసనలు ఎలా తెలుస్తున్నాయి?’ అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. టీచర్ వచ్చే వారం మళ్ళీ చెప్పమన్నారు. ఇంటికొచ్చి వెతికితే ‘గ్రాహకాల కలయికల వల్ల’ అని దొరికింది. అది మా అన్నయ్యకు చెబితే, ‘కలయికలంటే లెక్కపెట్టలేనన్ని అవుతాయి. మరి నాలుగైదు వాసనలు కలిపితే అందులో ఏవేవి ఉన్నాయో ఎందుకు చెప్పలేకపోతున్నాం?’ అన్నాడు. దానికీ జవాబు లేదు. పైగా ఇంకో అవమానం. నా స్నేహితురాలు తెచ్చిన వయొలెట్ పూల సెంటు అందరికీ ఘుమఘుమలాడింది, నాకేమీ తెలియలేదు. మిగతా వాసనలన్నీ నాకు బాగానే తెలుస్తాయి. అయినా ‘ముక్కే పనిచెయ్యదు, ముక్కు గురించి పాఠం చెబుతుందట’ అని ఏడిపిస్తున్నారు. అంశం మార్చుకోమంటారా? లేక ఇదే చెప్పమంటారా? చెబితే ఎలా చెప్పాలి?

జవాబు:

తల్లీ, ముందుగా ఆ వెనక బెంచీ అబ్బాయి మీద కోపం ఉంటే తీసెయ్. అతని లెక్క సరైనదే. ఒక్కో తాళానికి ఒక్కటే చెవి అయితే 400 తాళాలతో 400 వాసనలకు మించి తెలియవు. పొరపాటు ఆ ‘ఒక్కటే’ దగ్గర ఉంది. దాన్ని సరిచేస్తే అతని ప్రశ్నకూ, మీ అన్నయ్య ప్రశ్నకూ, ఆ సెంటు సంగతికీ కూడా అక్కడే జవాబు దొరుకుతుంది. అంశం మార్చుకోవాలో వద్దో ఇదంతా చదివాక నువ్వే తేల్చుకో.

ముక్కు లోపల బాగా పైన, రెండు కళ్ళ మధ్య ఎత్తులో, ఒక చిన్న పొర ఉంటుంది. అందులో లక్షల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయి. ఒక్కో కణం కొస నుంచి సన్నని వెంట్రుకల్లాంటి తంతువులు బయటికి వచ్చి ముక్కులోని జిగురు పొరలో తేలుతుంటాయి. గ్రాహకాలు ఉండేది ఆ తంతువుల మీదే. గ్రాహకం అంటే ఒక ప్రోటీన్. కణం పైపొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరి, మధ్యలో ఒక చిన్న గుంట ఏర్పడేలా ముడుచుకుని ఉంటుంది. గాలిలో వచ్చిన అణువు జిగురులో కరిగి, ఆ గుంటలో ఒక్క క్షణం కుదురుకుంటే చాలు. కణంలోని ద్వారాలు తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. దాంతో పుట్టిన విద్యుత్ సంకేతం మెదడు వైపు పరుగెడుతుంది.

ఇక్కడ ఒక్క నియమం బాగా గుర్తుపెట్టుకో, మిగతా కథంతా దాని మీదే నిలబడింది. ఒక నాడీకణం తన జన్యువుల్లో ఉన్న 400 రకాల్లోంచి ఒక్క రకం గ్రాహకాన్నే తయారుచేసుకుంటుంది. కాబట్టి ఫలానా కణం స్పందించిందంటే ఫలానా రకం గ్రాహకం స్పందించిందనే అర్థం.

ఈ గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ఎలుకల్లో కనుగొన్నారు. ఆ పనికి 2004లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుకలకు సుమారు వెయ్యి రకాలుంటే మనకు 400. మన జన్యువుల్లో ఇంకా కొన్ని వందలున్నాయి గానీ అవి పాడైపోయినవి, వాటి నుంచి ప్రోటీన్ తయారు కాదు. సెమినార్‌లో ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళు. పేర్లూ బహుమతులూ ఎంత చెప్పినా అబ్బాయి ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

అతనికి అసలైన జవాబు 1999లో వచ్చిన ఒక ప్రయోగంలో ఉంది. బక్ బృందం, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి చేశారు. చిట్టెలుక ముక్కులోంచి నాడీకణాల్ని విడివిడిగా తీసి, వాటిలోకి ఒక రంగు ఎక్కించారు. కణంలోకి కాల్షియం వచ్చినప్పుడు ఆ రంగు వెలుగులో తేడా వస్తుంది. అంటే సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఒక్కో వాసన ద్రవాన్ని ఒక్కో కణం మీదుగా పోనిస్తే, ఏ కణం దేనికి స్పందించిందో కంటికే తెలిసిపోతుంది. స్పందించిన కణాన్ని సన్నటి గొట్టంతో పీల్చి తీసి, అందులో ఏ గ్రాహకం జన్యువు పనిచేస్తోందో చదివారు. అలా ఒక పక్క వాసనలు, ఇంకో పక్క గ్రాహకాలు, మధ్యలో ఏది దేనికి స్పందించిందో గుర్తులు పెట్టిన ఒక పట్టిక తయారైంది.

ఆ పట్టికలో మూడు సంగతులు కనిపించాయి. ఒకే గ్రాహకం చాలా అణువులకు స్పందించింది. ఒకే అణువుకు చాలా గ్రాహకాలు స్పందించాయి. ఏ రెండు వేర్వేరు అణువులకైనా స్పందించిన గ్రాహకాల గుంపు మాత్రం వేరుగా ఉంది. గ్రాహకంలోని గుంట అంత బిగుతైనది కాదన్నమాట. అది అణువు మొత్తాన్నీ కొలిచి చూడదు. దాని పొడవో, ఒక కొసలో ఉన్న పరమాణువుల గుంపో, ఒక వంపో తనకు నచ్చితే చాలు.

ఆ ప్రయోగంలో వాడిన అణువుల్లోంచి ఒక జత నీ సెమినార్‌కు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే నీ పదో తరగతి కార్బన్ సమ్మేళనాల పాఠంలోని వాళ్ళ బంధువులే ఇవి. ఒకటి ఆక్టనాల్, ఇంకోటి ఆక్టనోయిక్ ఆమ్లం. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపించు:

CH₃(CH₂)₆CH₂OH

CH₃(CH₂)₆COOH

రెండింటికీ ఎనిమిదేసి కార్బన్లు. గొలుసు ఒకటే, తేడా అంతా చివర్లోనే. ఒకదానికి –OH, ఇంకోదానికి –COOH. వాసన చూస్తే మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం: ఆక్టనాల్‌ది నారింజ, గులాబీ గుర్తొచ్చే తియ్యని వాసన. ఆక్టనోయిక్ ఆమ్లానిది పాడైన నూనె, చెమట కలిసినట్టుండే కంపు. ఈ రెండూ లేపిన గ్రాహకాల గుంపులు పట్టికలో వేర్వేరుగా ఉన్నాయి. గొలుసు ఎంత పోలినా చివరి కొస మారేసరికి కొన్ని గ్రాహకాలు తప్పుకున్నాయి, కొన్ని కొత్తవి చేరాయి. ముక్కుకు అంతే చాలు. (ఈ ఆమ్లాన్ని ల్యాబ్‌లోంచి తెచ్చి క్లాసులో వాసన చూపిద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. కొన్ని గంటల పాటు నిన్నే తిట్టుకుంటారు.)

ఇప్పుడు లెక్క. 400 పెద్ద సంఖ్య, పది గ్రాహకాలే ఉన్న ఒక ముక్కును ఊహించుకుందాం. వాటికి 1 నుంచి 10 వరకు నంబర్లు ఇద్దాం. నీ పాత కథ ప్రకారం ఈ ముక్కుకు 10 వాసనలే తెలియాలి. ఇప్పుడు ప్రతి వాసనా సరిగ్గా మూడు గ్రాహకాల్ని లేపుతుందనుకో. పదింటిలో మూడింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? పదిని తొమ్మిదితో, దాన్ని ఎనిమిదితో గుణించి ఆరుతో భాగిస్తే 120. ఒక వాసనకు లేచిన గ్రాహకాల గుంపే దాని గుర్తు అనుకుంటే, గ్రాహకాలు అవే పది, గుర్తులు మాత్రం 120 అయ్యాయి. మూడే అన్న షరతు తీసేసి ఎన్నైనా లేవొచ్చంటే 1023. ఇక 400 దగ్గరికి రా. మూడేసి చొప్పున ఎంచుకున్నా 1,05,86,800 గుంపులు వస్తాయి. అబ్బాయి అడిగిన వేల వాసనలకు అందులో ఒక మూల చాలు.

ఈ లెక్క చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇవన్నీ కాగితం మీద వచ్చే గుంపులు. ప్రతి గుంపునూ సరిగ్గా లేపే అణువు లోకంలో ఉండాలనేమీ లేదు. ‘అందుకే మనకు కోటి వాసనలు తెలుసు’ అని గనక అన్నావంటే అబ్బాయి మళ్ళీ లేస్తాడు, ఈసారీ న్యాయం అతని వైపే ఉంటుంది. ‘గుర్తులకు కొరత లేదు’ అన్నంతవరకే ఈ లెక్క పనికొస్తుంది.

ఇంకో ప్రశ్న రావచ్చు, రాకపోతే నువ్వే లేవనెత్తు: ఏ గ్రాహకాలు లేచాయో మెదడుకు ఎలా తెలుస్తుంది? ఒకే రకం గ్రాహకం ఉన్న కణాలు పొరలో ఒకే చోట ఉండవు, మిగతా రకాలతో కలిసిపోయి చెదిరి ఉంటాయి. కానీ వాటి నాడీతంతువులు ముక్కు పైనున్న ఎముకలోని సన్నని రంధ్రాల గుండా మెదడు ముందు భాగంలోని ఘ్రాణ లంబికకు చేరేసరికి, ఒకే రకం వాళ్ళందరివీ ఒకే చోట కలుస్తాయి. అలా కలిసే చిన్న ఉండల్లాంటి చోట్లను గ్లోమెరులస్‌లు అంటారు. చిట్టెలుకలో ఒక్కో రకానికి ఒక్కో లంబికలో దాదాపు రెండేసి ఉంటాయి. మెదడు చూసేది ఏ ఉండలు మేల్కొన్నాయి, ఏవి ఎంత గట్టిగా అన్నదే. ముక్కులో చెల్లాచెదురుగా మొదలైన సంకేతాలు అక్కడ ఒక పటంలా కుదురుకుంటాయి. ఆ పటానికి ‘నారింజ’ అనో ‘కంపు’ అనో పేరు పెట్టడం ఇంకా లోపలి భాగాల పని, అది చాలావరకు అనుభవంతో నేర్చుకునేది.

ఇక మీ అన్నయ్య సంగతి. అడిగిన ప్రశ్న చూస్తే బుర్ర ఉన్నవాడే అనిపిస్తోంది. గుర్తులు అన్ని కోట్లున్నాయి కాబట్టి కలిపినవి కూడా విడివిడిగా తెలియాలి అనుకుంటున్నాడు. కానీ రెండు వాసనలు ఒకేసారి ముక్కులోకి వచ్చినప్పుడు రెండు గుర్తులు పక్కపక్కన రాసుకోవడానికి అక్కడ రెండు పలకలు లేవు, ఒక్కటే ఉంది. రెండింటి గ్రాహకాలూ దాని మీదే వెలుగుతాయి.

మన పది గ్రాహకాల ముక్కుతోనే చూద్దాం. ఇవి నేను కల్పించిన గుర్తులు, లెక్క కోసమే. ‘అ’ అనే వాసన 1, 4, 6ని లేపుతుంది. ‘ఆ’ అనేది 4, 7, 9ని. రెండూ కలిపితే మెదడుకు కనిపించేవి 1, 4, 6, 7, 9. నాలుగును ఇద్దరూ లేపారన్న సంగతి విడిగా తెలియదు. ఇప్పుడు ఇంకో జత తీసుకో. ‘ఇ’ 1, 6, 9ని లేపుతుంది, ‘ఈ’ 4, 6, 7ని లేపుతుంది. వీటిని కలిపి చూడు: 1, 4, 6, 7, 9. అదే గుర్తు! విడివిడిగా నాలుగూ నాలుగు వేర్వేరు వాసనలు. జతలుగా కలిపాక మాత్రం ఈ ముక్కుకు రెండు జతలూ ఒక్కటే.

నిజమైన ముక్కులో 400 రకాలుండటం వల్ల, ఒక్కో గ్రాహకం ఎంత బలంగా స్పందించిందన్నది కూడా లెక్కలోకి రావడం వల్ల, ఇంత అచ్చంగా ఒకటైపోవడం అరుదు. అయినా చిక్కు అదే. కలిపే వాసనల సంఖ్య పెరిగేకొద్దీ గుర్తులు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. దీనికి తోడు, కొన్ని అణువులు ఒక గ్రాహకాన్ని లేపకుండా దాని గుంటలో కూర్చుని, ఇంకో అణువుకు చోటివ్వవు. అప్పుడు మిశ్రమం గుర్తు రెండు గుర్తుల మొత్తం కూడా కాదు, అందులో కొన్ని ఆరిపోయి ఉంటాయి. ఆస్ట్రేలియాలో లేయింగ్ అనే శాస్త్రవేత్త 1980లలో మనుషుల మీద ఇది పరీక్షించాడు. బాగా తెలిసిన వాసనల్నే కలిపి ఇచ్చినా, మూడు నాలుగుకు మించి విడదీసి చెప్పడం జనానికి సాధ్యం కాలేదు. కాబట్టి మీ అన్నయ్యకు ఇలా చెప్పు: ఇది ఈ వాసన, ఇంకోటి కాదు అని తేడా పట్టడం ఒక పని, కలిసిన వాటిని విడదీయడం వేరే పని. కలయికల పద్ధతి మొదటి దాంట్లో ఎంత లాభం తెచ్చిందో రెండో దాంట్లో అంత నష్టం తెచ్చింది. నీ తాళం-చెవి పద్ధతిలో, ఒక వాసనకు ఒకటే గ్రాహకం ఉండి ఉంటే, మిశ్రమాన్ని విడదీయడం ఎంతో సులువయ్యేది. కానీ 400 దగ్గర ఆగిపోయేవాళ్ళం.

ఒకే అణువు మోతాదు మారితే వాసన మారిపోవడం కూడా ఈ దారిలోనే అర్థమవుతుంది. అణువులు తక్కువగా ఉన్నప్పుడు దానికి బాగా కుదిరే గ్రాహకాలే లేస్తాయి. ఎక్కువైతే, అంతగా కుదరనివి కూడా లేస్తాయి, గుర్తు మారుతుంది. ఇండోల్ అనే పదార్థం కొంచెం ఉంటే పూల వాసన, ఎక్కువైతే మలం వాసన. క్లాసులో ఇది చెప్పావంటే వెనక బెంచీ కూడా చెవులు రిక్కిస్తుంది.

ఇప్పుడు ఎలా చెప్పాలన్నది. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

తాళం-చెవి పోలికనే ఉంచుకుని, ‘ఒక్కో తాళం చాలా చెవులకు తెరుచుకుంటుంది, ఒక్కో చెవి చాలా తాళాల్ని తెరుస్తుంది’ అని సవరించవచ్చు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది, పోయిన వారం చెప్పినదానికి ఇదే కొనసాగింపు అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఏ చెవికైనా తెరుచుకునే తాళం ఇంకేం తాళం అని ఎవరో ఒకరు నవ్వుతారు. పోలిక అప్పటికే అరిగిపోయి ఉంటుంది.

అక్షరాలూ పదాలూ అన్న పోలిక నీకు చాలా చోట్ల కనిపించి ఉంటుంది. కొన్ని అక్షరాలతో ఎన్నో పదాలు అనేసరికి అందరికీ వెంటనే తలకెక్కుతుంది. కానీ అక్షరాలకు వరస ముఖ్యం, వరస మారితే పదం మారుతుంది. ఇక్కడ మనం వేసిన లెక్కలో వరసకు చోటే లేదు, ఎవరు లేచారన్నదే. పైగా రెండు పదాలు కలిపి రాసినా విడదీసి చదవగలం. కాబట్టి మీ అన్నయ్య ప్రశ్న క్లాసులో ఎవరైనా వేస్తే ఈ పోలిక నిన్ను నట్టేట ముంచుతుంది.

మూడోది, పోలికలు మానేసి చేసి చూపించడం. పదిమందిని ముందుకు పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టి, 1 నుంచి 10 వరకు నంబర్ల అట్టలు ఇవ్వు. అట్ట వెనక ఆ గ్రాహకం ఏ వాసనలకు లేవాలో రాసి ఉంచు. ఉదాహరణకు ఆక్టనాల్‌కు 2, 5, 8, ఆక్టనోయిక్ ఆమ్లానికి 2, 3, 5, 10. అంటే 2, 5 అట్టల వెనక రెండు పేర్లూ ఉంటాయి. ఈ నంబర్లు ఆట కోసం పెట్టుకున్నవని ముందే చెప్పు. ‘మెదడు’గా ఒకరిని బయట నిలబెట్టు, వాళ్ళ చేతిలో గుర్తుల పట్టిక ఉండాలి. లోపల నువ్వు వాసన పేరు రాసిన కాగితం పదిమందికీ చూపిస్తే, లేవాల్సినవాళ్ళు లేస్తారు. మెదడు లోపలికి వచ్చి, ఎవరు నిలబడ్డారో చూసి, వాసన పేరు చెప్పాలి. తర్వాత అ, ఆ కలిపి ఒకసారి, ఇ, ఈ కలిపి ఒకసారి లేపు. మెదడు రెండుసార్లూ తెల్లమొహం వేస్తుంది. మీ అన్నయ్య ప్రశ్నకు జవాబు నువ్వు చెప్పనక్కర్లేదు, కళ్ళ ముందే కనిపిస్తుంది. దీనికి నష్టం కూడా ఉంది. కనీసం పావుగంట కావాలి, అట్టలు ముందే తప్పుల్లేకుండా రాసుకోవాలి, ఒక్కరు పొరపాటున లేస్తే గుర్తు మారిపోతుంది. టీచర్ పది నిమిషాలే ఇస్తే మొదటి దారే నయం. సమయం ఉంటే నేనైతే మూడోదాని వైపే మొగ్గుతాను.

సెంటు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఇప్పుడు నీకది సగం అర్థమై ఉంటుంది. పై ఆటలో 8వ నంబర్ అట్ట ఉన్నవాళ్ళను బయటికి పంపేశావనుకో. ఆక్టనాల్ గుర్తు 2, 5 మాత్రమే అవుతుంది. ఆమ్లంతో దాని తేడా కొంత మిగులుతుంది, కానీ వాసన మునుపటిలా ఉండదు. మనుషుల్లో ఇదే జరుగుతుంది. ఎవరి 400 గ్రాహకాలూ అచ్చంగా ఇంకొకరివిలా ఉండవు, ఒకరిలో చురుగ్గా ఉన్నది ఇంకొకరిలో మందకొడిగా ఉండొచ్చు.

వయొలెట్ పూల వాసనలో ముఖ్యమైన అణువు బీటా అయనోన్. చాలా వాసనలు ఎన్నో గ్రాహకాల మీద ఆధారపడితే, దీన్ని తక్కువ మోతాదులో పసిగట్టడం మాత్రం దాదాపు OR5A1 అనే ఒకే గ్రాహకం చేతిలో ఉంది. ఆ ప్రోటీన్‌లో 183వ స్థానంలో ఉండాల్సిన ఒక అమైనో ఆమ్లం మారిపోతే గ్రాహకం బలహీనపడుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ మారిన రూపమే వచ్చినవాళ్ళకు బీటా అయనోన్ వాసన సరిగ్గా తెలియదు. ఒక్క మంచి ప్రతి ఉన్నా చాలు, తెలుస్తుంది. మెండెల్ బఠాణీల పాఠంలో నువ్వు వేసిన గడుల లెక్కే ఇది. ఈ తేడా ఉన్నవాళ్ళు లోకంలో కోకొల్లలు, మిగతా వాసనల్లో వాళ్ళకే లోటూ ఉండదు.

నీ విషయంలో ఇదే కారణమని నేను చెప్పలేను. ఒక సెంటులో పదుల కొద్దీ అణువులుంటాయి, ఆ రోజు నీకు జలుబు ఉండొచ్చు, లేదా అంతకుముందే అదే గదిలో చాలాసేపు కూర్చుని ముక్కు ఆ వాసనకు అలవాటుపడి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే ఇలా చెయ్యి. ఒకేలా ఉన్న మూడు కాగితం ముక్కలు తీసుకుని, ఒకదానికే కొద్దిగా సెంటు రాసి ఆరనివ్వమని స్నేహితురాలికి చెప్పు. నువ్వు కళ్ళు మూసుకుని, ఏది సెంటు కాగితమో చెప్పాలి. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ ఆరుసార్లు చెయ్యండి, ప్రతిసారీ వరస మార్చాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, ఆరింటిలో రెండు సరైతే అది ఊహ కిందే లెక్క. ఆరుకు ఆరూ ఊహతో సరిపోయే అవకాశం 729లో 1, అంటే అప్పుడు నీకు వాసన తెలుస్తున్నట్టే. తర్వాత నిన్ను ఏడిపిస్తున్నవాళ్ళ చేత కూడా ఇదే పరీక్ష చేయించు. వాళ్ళలో ఒకరిద్దరు ఊహతోనే నెట్టుకొస్తున్నట్టు బయటపడినా ఆశ్చర్యపోను.

నీకు నిజంగా తెలియడం లేదని తేలితే, దాన్ని సెమినార్‌లో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. చెబితే, నీ పాఠానికి నువ్వే సాక్ష్యంగా నిలబడతావు, ఏడిపించేవాళ్ళ చేతిలోని ఆయుధం నీ చేతికొస్తుంది. కానీ కొందరు అప్పటికీ నవ్వవచ్చు, అది భరించగలననిపిస్తేనే చెప్పు. లేదంటే ‘కొందరికి’ అని చెప్పి ఊరుకో, పాఠానికి ఏ లోటూ రాదు. ఒక్కటి మాత్రం గమనించుకో: ఈ ఒక్క సెంటే కాక, ఇంతకుముందు తెలిసిన వాసనలు ఒకటొకటిగా తెలియకుండా పోతున్నా, జలుబు తగ్గాక లేదా తలకు దెబ్బ తగిలాక వాసనలు మాయమైనా అది వేరే సంగతి. అప్పుడు ఇంట్లో చెప్పి చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఇంతా చెప్పాక ‘ఇంతకీ మనిషికి ఎన్ని వాసనలు తెలుసు?’ అని ఎవరో ఒకరు అడగక మానరు. పుస్తకాల్లో 10,000 అని కనిపిస్తుంది. అది ఎవరో ముక్కులతో లెక్కపెట్టి తేల్చింది కాదు. 1927లో క్రాకర్, హెండర్సన్ అనే ఇద్దరు వాసనలన్నీ నాలుగు మూల వాసనల మిశ్రమమనుకుని, ఒక్కోదానికి 0 నుంచి 8 వరకు తొమ్మిది మెట్లు ఇచ్చారు. తొమ్మిదిని నాలుగుసార్లు గుణిస్తే 6561. ఆ సంఖ్యే తర్వాత గుండ్రంగా 10,000 అయి కూర్చుంది. 2014లో ఒక బృందం మిశ్రమాలతో ప్రయోగాలు చేసి లక్ష కోట్లకు పైగా అని ప్రకటించింది. మరుసటి ఏడాదే ఇతర శాస్త్రవేత్తలు, అదే దత్తాంశాన్ని ఇంకోలా లెక్కిస్తే సంఖ్య ఎటైనా మారిపోతుందని చూపించారు. కాబట్టి అడిగినవాళ్ళకు ‘వేలకు తక్కువ కాదు, కచ్చితమైన సంఖ్య ఇంకా తేలలేదు’ అని చెప్పి, ఆ 6561 ఎలా వచ్చిందో బోర్డు మీద వేసి చూపించు.